మీకు తెలుసా? మద్యం మానిన మొదటి రోజుల్లోనే అసలు గండం

కాలు విరిగి ఆసుపత్రిలో చేరిన వ్యక్తికి మర్నాడు చేతులు వణుకుతుంటే, అది నొప్పి వల్లే అనుకోకూడదు. రోజూ ఎక్కువగా తాగేవారికి చివరి గుక్క పడిన ఆరు గంటలకే వణుకు, చెమట, వికారం మొదలు కావచ్చు. ఫిట్స్ ఎక్కువగా 6 నుంచి 48 గంటల మధ్య వస్తాయి. మనిషి తికమకపడి, లేనివి ఉన్నట్టు కనిపించే సన్నిపాత స్థితి సాధారణంగా 48 గంటలు దాటాక వస్తుంది. అందుకే నర్సు మొదటి ప్రశ్న: "చివరిసారి ఎప్పుడు తాగారు?"

తీవ్రత కొలవడానికి సీవా స్కోరు ఉంది. పది అంశాలు, గరిష్ఠం 67. ఉదాహరణకు చాచిన చేతుల వణుకుకు 4, నుదుటి చెమటకు 4, ఆందోళనకు 4, వికారం, తలనొప్పి, అస్థిమితాలకు రెండేసి. మొత్తం 18. పదిహేను దాటితే తీవ్రమే. వెంటనే డాక్టరుకు చెప్పి, ఆయన రాసిన లోరాజిపామ్ లేదా డయాజిపామ్ ఇచ్చి, గంటలోపు మళ్లీ స్కోరు చూడాలి. మగత, శ్వాస వేగం కూడా గమనించాలి. మెదడును కాపాడే థయామిన్‌ను గ్లూకోజ్‌కు ముందే ఎక్కిస్తారు. షుగర్ బాగా పడిపోతే మాత్రం గ్లూకోజ్ ఆపరు.

ఈ స్కోరులో నాడి, రక్తపోటు లెక్కలోకి రావు. వాటిని విడిగా చూడాలి. పైగా రోగి జవాబు చెప్పగలిగితేనే స్కోరు నమ్మదగినది. తికమకలో ఉన్నవారికి జ్వరం, తల గాయం, షుగర్ పడిపోవడం వంటి కారణాలనూ వెతకాలి.