టీవీలో గీతలు పడితే షాపుకు ఏమని రాయాలి?

కొత్త టీవీ కొని అయిదు నెలలు కూడా కాదు, తెర మీద నిలువుగా ఒక గీత పడుతుంది. వారం తిరక్కుండా ఒకటి నాలుగవుతాయి. షాపుకు ఫోన్ చేస్తే "మా చేతిలో ఏం లేదండీ, కంపెనీ సర్వీస్ సెంటర్‌కి చెప్పండి" అంటారు. సర్వీస్ సెంటర్ నుంచి వచ్చినాయన చూసి "దెబ్బ తగిలినట్టుందండీ, దీనికి వారంటీ రాదు" అనేసి వెళ్లిపోవచ్చు. షాపుకు రాసే ఉత్తరం ఈ రెండు మాటలకూ ముందే జవాబు చెప్పాలి. చాలా ఉత్తరాల్లో కోపం ఉంటుంది గానీ ఆ జవాబు ఉండదు.

ముందు దెబ్బ సంగతి. ప్యానెల్ అంచున సన్నటి ఫిల్మ్ ముక్కలు, వాటి మీద చిన్న చిప్పులు ఉంటాయి. తెరలోని నిలువు వరుసలకు సిగ్నల్ అందేది వాటి ద్వారానే. గాజుకు ఆ ఫిల్మ్ అంటుకున్న చోట పట్టు వదిలితే, ఆ వరుసల్లో బొమ్మ రాదు. అందుకే గీత పైనుంచి కిందిదాకా తిన్నగా ఉంటుంది. దెబ్బ తగిలిన ప్యానెల్ తీరు వేరు. తగిలిన చోట గాజు లోపల చీలికలు, నల్లటి మరక కనిపిస్తాయి, గీతలు అక్కడి నుంచే మొదలవుతాయి. అయితే ఒక మెలిక ఉంది. తడిగుడ్డతో తుడిచినప్పుడు నీళ్లు కింది అంచులోకి దిగినా తిన్నటి గీతలే పడవచ్చు. సర్వీస్ వాళ్లు వెనక మూత విప్పి చెమ్మ మరకల కోసం వెతికేది అందుకే. మూత విప్పేటప్పుడు దగ్గరుండి ఫొటోలు తీసుకోవడం మంచిది.

ఇంట్లో చేయదగిన పరీక్ష సులువు. టీవీ సొంత మెనూ తెరవండి. గీత మెనూ మీద కూడా కనిపిస్తే తప్పు సెట్ టాప్ బాక్సుదో, కేబుల్‌దో కాదు. టీవీ ఆపేసి, తెరకు పక్కనుంచి టార్చి వేసి మరో ఫొటో తీయండి. పగుళ్లు లేవనడానికి అదే ఆధారం.

అన్నిటికన్నా ముఖ్యమైన కాగితం జాబ్ షీట్. అందులో ఏం రాశారో చదవకుండా సంతకం పెట్టవద్దు. "ఫిజికల్ డ్యామేజ్" అని రాసి ఉంటే, పక్కనే "పగుళ్లు లేవు, నేను ఒప్పుకోవడం లేదు" అని రాసి అప్పుడు సంతకం చేయండి. పని పూర్తికాకుండా, ఫిర్యాదు మూసేయడానికి ఫోన్‌కు వచ్చే ఓటీపీ చెప్పకండి.

ఇక ఉత్తరం. రూ.31,500 పెట్టి 43 అంగుళాల టీవీ కొన్నారనుకుందాం. బిల్లు నంబరు, మోడల్, టీవీ వెనక స్టిక్కర్ మీది సీరియల్ నంబరు పైన వేసి, ఇలా రాయవచ్చు:

"మీ షాపులో ఏప్రిల్ 12న ఈ టీవీ కొన్నాను. సెప్టెంబరు 3న తెర కుడివైపు నిలువు గీత కనిపించింది. 10వ తేదీకి నాలుగయ్యాయి. 11న కంపెనీకి ఫిర్యాదు చేశాను. 15న వచ్చిన టెక్నీషియన్ ప్యానెల్ లోపమని జాబ్ షీట్‌లో రాశారు. గీతలు టీవీ మెనూలోనూ ఉన్నాయి, తెరకు పగుళ్లు లేవు. ఫొటోలు, బిల్లు, జాబ్ షీట్ నకళ్లు జతచేశాను. టీవీ మార్చి ఇవ్వండి. అది కుదరకపోతే 15 రోజుల్లో కంపెనీ అసలు ప్యానెల్ కొత్తది ఉచితంగా వేయించండి. రెండూ కాకపోతే డబ్బు తిరిగి ఇవ్వండి. మీ నిర్ణయం రాతపూర్వకంగా తెలపండి."

మూడు కోరికలూ ఆ వరుసలో పెట్టడానికి కారణం ఉంది. వారంటీ కార్డు సాధారణంగా ఉచిత రిపేరుకు మాట ఇస్తుంది గానీ, కొత్త టీవీ ఇస్తామని చెప్పదు. ఒక్క గీతకే టీవీ మార్చి తీరాలని పట్టుబడితే "కార్డు చదువుకోండి" అనే జవాబే వస్తుంది. టీవీలో అన్నిటికన్నా ఖరీదైన భాగం ప్యానెలే. అది అయిదు నెలల్లోనే పాడైందన్నది మార్చి ఇమ్మనడానికి గట్టి కారణం. వేసిన ప్యానెల్‌లోనూ గీతలు వచ్చినా, ప్యానెల్ దొరకడం లేదని వారాలు గడిపినా ఆ కారణం ఇంకా బలపడుతుంది.

ఉత్తరం షాపు పేరునే రాయండి. డబ్బు తీసుకుని బిల్లు ఇచ్చింది వాళ్లు. కంపెనీకి నకలు పంపి, ఆ సంగతి కిందే రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి, ఈమెయిల్ కూడా చేయండి. ఫోన్లో ఎంత మాట్లాడినా ఇవేవీ మిగలవు.

గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పవచ్చు. ఆ తర్వాత మెట్టు జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపం సరిచేయమని, వస్తువు మార్చమని, డబ్బు వాపసు ఇమ్మని, నష్టపరిహారం చెల్లించమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. షాపు ఏ ఊళ్లో ఉన్నా, మీరుండే జిల్లాలోనే కేసు వేయవచ్చు. వివాదం తలెత్తిన రెండేళ్లలోపు వేయాలి. వస్తువు ధర రూ.5 లక్షలు దాటనంత వరకు ఫీజు లేదు.