విస్తరించకుండానే నిర్ధారకం విలువ ఎలా తెలుస్తుంది?

సంఖ్యలను అడ్డు, నిలువు వరుసలలో అమర్చిన పట్టికను మాత్రిక అని, రెండు రకాల వరుసలూ సమాన సంఖ్యలో ఉన్నప్పుడు దాని నుంచి నిర్ణీత పద్ధతిలో లెక్కించే ఒకే ఒక సంఖ్యను నిర్ధారకం అని అంటారు.

```
101 102 103
104 105 106
107 108 109
```

ఈ మాత్రిక నిర్ధారకాన్ని పూర్తిగా విస్తరిస్తే, ఒక్కొక్కటి పది లక్షలు దాటే ఆరు లబ్ధాలను కూడుతూ, తీసివేస్తూ పోవాలి. అయితే ఒక అడ్డువరుస నుంచి మరొకదానిని తీసివేసినా నిర్ధారకం మారదు కనుక, మొదట మూడవ వరుస నుంచి రెండవదానిని, తరువాత రెండవ వరుస నుంచి మొదటిదానిని తీసివేస్తే, రెండుచోట్లా 3, 3, 3 మిగిలి, విలువ సున్నా అని తేలిపోతుంది. ఎందుకంటే, రెండు వరుసలను తారుమారు చేస్తే నిర్ధారకం గుర్తు మారాలి; అవి సమానమైనప్పుడు పట్టిక మారనే మారదు; తన రుణసంఖ్యకు తానే సమానమయ్యేది సున్నా ఒక్కటే. ఇంత చిన్న తర్కం అంత పెద్ద గుణకారాలను తప్పించడం నిజంగా అందమైన విషయం.

109 స్థానంలో 110 ఉంటే మాత్రం ఆ వరుసలు 3, 3, 3 గానూ 3, 3, 4 గానూ మిగిలి, విలువ −3 అవుతుంది. మూడు వరుసలనూ ఒకేసారి, ప్రతిదాని నుంచి దాని తరువాతిదానిని, చివరిదాని నుంచి మొదటిదానిని తీసివేస్తే, కొత్త వరుసల మొత్తం ఎప్పుడూ సున్నాయే కనుక, అసలు విలువ సున్నా కాని ఏ నిర్ధారకానికైనా సున్నా అనే తప్పు జవాబు వస్తుంది. అందువల్ల ఇలా ఒకేసారి తీసివేసేటప్పుడు కనీసం ఒక వరుసను మార్చకుండా ఉంచాలి.