జలాంతర్గామి ఎందుకు అంత తేలిగ్గా దొరకదు?

1971 డిసెంబర్ 3 అర్ధరాత్రి విశాఖ తీరంలో ఐఎన్ఎస్ రాజ్‌పుత్ రెండు డెప్త్ చార్జ్‌లు వదిలింది. పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ అక్కడే మునిగింది. ముంచింది రాజ్‌పుతే అని మన నౌకాదళం అంటుంది, ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది.

డెప్త్ చార్జ్ ఒక మందుగుండు పీపా. ముందే నిర్ణయించిన లోతుకు చేరగానే నీటి ఒత్తిడికి పేలుతుంది. మరి ఎక్కడ వదలాలి? అది సోనార్ చెబుతుంది. నీటిలోకి శబ్దం పంపి ప్రతిధ్వని కోసం వింటుంది. శబ్దం నీటిలో సెకనుకు సుమారు 1500 మీటర్లు వెళ్తుంది. ప్రతిధ్వని 2 సెకన్లకు తిరిగొస్తే, రానూపోనూ 3000 మీటర్లు. అంటే లక్ష్యం 1500 మీటర్ల దూరంలో ఉందన్నమాట.

తొలినాళ్లలో ఓడ సరిగ్గా లక్ష్యం మీదికి వచ్చేసరికి ప్రతిధ్వని అందకుండా పోయేది! అందుకే రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ బాంబులను ముందుకు విసిరే ‘హెడ్జ్‌హాగ్’ తెచ్చింది.

ఇప్పటికీ అసలు చిక్కు సముద్రమే. పైనీరు వేడి, కిందినీరు చల్లన. శబ్దం చల్లటి వైపు వంగిపోవడంతో అది చేరని చోట్లు మిగులుతాయి. జలాంతర్గామి దాక్కునేది అక్కడే. అందుకే నేటి నౌకలు సోనార్‌ను కేబుల్‌తో ఆ వేడినీటి పొర కిందికి దించి వెతుకుతాయి.