మూడు వేల లీటర్ల సంపు, మూడు జవాబులు

వాకిట్లో గచ్చు కింద మూడు వేల లీటర్ల సంపు ఉన్న ఇల్లు ఒకటి అనుకుందాం. దాంట్లోకి నీళ్లు రెండు దారుల్లో వస్తాయి. పెరట్లో బోరు మోటారు ఒక్కటే వేస్తే సంపు గంటలో నిండుతుంది. మోటారు కట్టేసి మున్సిపల్ కొళాయి ఒక్కటే వదిలితే రెండు గంటలు పడుతుంది. ఓ రోజు పొద్దున ఆరింటికి కొళాయి నీళ్లు రాగానే ఇంటావిడ మోటారు స్విచ్చి కూడా వేసింది. సంపు ఎన్నింటికి నిండుతుంది?

చాలామంది నోటికి మొదట వచ్చే జవాబు ఏడున్నర. ఒకదానికి గంట, ఇంకోదానికి రెండు గంటలు, రెండూ కలిశాయి కాబట్టి మధ్యలో గంటన్నర. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఇద్దరి మధ్య తగువు తీర్చే పెద్దమనిషి కూడా ఇలాగే సగానికి సగం తెగ్గొడతాడు.

కానీ బోరు ఒక్కటే ఏడింటికల్లా సంపు నింపేసేది. దానికి తోడుగా కొళాయి కూడా వచ్చి కలిస్తే పని అరగంట ఆలస్యం ఎందుకవుతుంది? కొళాయి నీళ్లు పోస్తోందే తప్ప తోడెయ్యడం లేదు కదా. ఇలాంటి లెక్క చేశాక జవాబు సరైనదో కాదో చూసుకోవడానికి ఈ ఒక్క ప్రశ్న చాలు. అన్నీ నింపే పంపులే అయినప్పుడు, అందరికంటే జోరుగా నింపే పంపు ఒంటరిగా తీసుకునే సమయం కంటే జవాబు తక్కువే రావాలి. ఎక్కువ వచ్చిందంటే ఎక్కడో తప్పినట్టే.

అసలు లెక్క తెలియాలంటే గంటల్ని పక్కన పెట్టి ఒక బకెట్ తీసుకోవాలి. పదిహేను లీటర్ల బకెట్‌ని బోరు పైపు కింద పెట్టి ఫోన్లో సెకన్లు చూస్తే 18 సెకన్లకు నిండుతుంది. కొళాయి కింద పెడితే 36 సెకన్లు. అంటే బోరు నిమిషానికి 50 లీటర్లు పోస్తోంది, కొళాయి 25 లీటర్లు పోస్తోంది. రెండూ ఒకేసారి సంపులో పడుతుంటే నిమిషానికి లోపలికి చేరేవి 75 లీటర్లు. ఇక్కడ సరాసరి ఊసే రాదు. బోరు పోసిన 50 లీటర్లూ సంపులోనే ఉన్నాయి, కొళాయి పోసిన 25 లీటర్లూ అక్కడే ఉన్నాయి. మూడు వేలను 75తో భాగిస్తే 40. సంపు ఆరూ నలభైకి నిండుతుంది.

నీళ్లను నీళ్లతో కూడవచ్చు. గంటల్ని గంటలతో కూడాలంటే మాత్రం ఆ గంటలు ఒకదాని తర్వాత ఒకటి గడవాలి. ఇక్కడ బోరు నడిచిన నలభై నిమిషాలూ, కొళాయి నడిచిన నలభై నిమిషాలూ ఒకటే నలభై నిమిషాలు.

అలాగని గంటన్నర అన్నవాళ్లు అర్థం లేని మాటేమీ చెప్పలేదు. వాళ్లు చెప్పింది వేరే ప్రశ్నకు సరైన జవాబు. మోటారుతో సగం సంపు నింపి కట్టేసి, మిగతా సగం కొళాయికి వదిలేశారనుకుందాం. మొదటి 1,500 లీటర్లకు బోరుకు అరగంట, తర్వాతి 1,500 లీటర్లకు కొళాయికి గంట, మొత్తం కచ్చితంగా గంటన్నర. అంటే సమయాల్ని సరాసరి తీసినప్పుడు పంపులు కలిసి పనిచేయవు. పనిని సమానంగా పంచుకుని, ఒకటి ఆగాక ఇంకొకటి మొదలుపెడతాయి.

ఇంకో రకం సరాసరి కూడా ఉంది. ఈసారి సమయాల్ని కాకుండా వేగాల్ని సరాసరి తీస్తే, 50కీ 25కీ మధ్య ముప్పై ఏడున్నర లీటర్లు వస్తాయి. ఆ లెక్కన మూడు వేల లీటర్లకు 80 నిమిషాలు పడుతుంది. ఇదీ ఒక ప్రశ్నకు జవాబే. పది నిమిషాలు మోటారు, పది నిమిషాలు కొళాయి అని వంతులేసుకుని నడిపితే సంపు సరిగ్గా 80 నిమిషాలకు నిండుతుంది. అందులో బోరు నలభై నిమిషాలు నడుస్తుంది, కొళాయి నలభై నిమిషాలు నడుస్తుంది. కలిసి నడిచినా అవే నలభైలు, కాకపోతే అప్పుడు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒకే సంపుకు 40, 80, 90 అనే మూడు జవాబులు వచ్చాయి. ఏది కావాలో తేల్చేది పంపులు ఎలా నడిచాయన్న సంగతి.

ఉద్యోగ పరీక్షలకు తయారయ్యేవాళ్లు ఈ లెక్కల్ని క.సా.గు.తో చేయడం నేర్చుకుంటారు. అరవైకీ నూట ఇరవైకీ క.సా.గు. 120 కాబట్టి తొట్టిలో 120 భాగాలున్నాయని అనుకోవాలి. బోరు నిమిషానికి 2 భాగాలు, కొళాయి 1 భాగం, కలిపి 3, కాబట్టి 40 నిమిషాలు. చాలామంది దీన్ని షార్ట్‌కట్ అని బట్టీ పడతారు గానీ, ఇది పైన బకెట్‌తో చేసిన లెక్కే. తొట్టి ఎన్ని లీటర్లదో ప్రశ్నలో చెప్పరు కనుక, తెగకుండా భాగారమయ్యే ఒక పరిమాణాన్ని మనమే దానికి ఇచ్చుకుంటున్నాం. తొట్టి పెద్దదైనా చిన్నదైనా జవాబు మారదు, ఎందుకంటే ఒక్కో పంపు దాన్ని ఎంతసేపట్లో నింపుతుందో ముందే చెప్పేశారు.

ఈ లెక్క మన దేశంలో చాలా పాతది. 1150లో పూర్తయిన భాస్కరాచార్యుడి ‘లీలావతి’లో ఇది నాలుగు సెలయేళ్ల రూపంలో కనిపిస్తుంది. ఒక తటాకాన్ని మొదటి సెలయేరు ఒక రోజులో నింపుతుంది, రెండోది అర రోజులో, మూడోది రోజులో మూడో వంతులో, నాలుగోది ఆరో వంతులో. నాలుగింటినీ ఒకేసారి వదిలితే ఎంత సమయం పడుతుంది?

భాస్కరాచార్యుడు చెప్పిన పద్ధతి, ఇచ్చిన భిన్నాల్ని తిరగెయ్యడం. అర రోజులో ఒక తటాకం నింపే సెలయేరు రోజంతా పారితే రెండు తటాకాలు నింపుతుంది. మూడో వంతులో నింపేది మూడు, ఆరో వంతులో నింపేది ఆరు. మొదటిది ఎలాగూ ఒకటి. అన్నీ కూడితే రోజుకు పన్నెండు తటాకాలు. కావలసింది ఒక్క తటాకమే కాబట్టి రోజులో పన్నెండో వంతు చాలు. రోజుకు అరవై ఘడియల పాత లెక్కలో అయిదు ఘడియలు, ఇప్పటి లెక్కలో రెండు గంటలు. ఇదే ప్రశ్నకు సమయాల సరాసరి తీస్తే అర రోజు వస్తుంది, అంటే పన్నెండు గంటలు. నాలుగో సెలయేరు ఒక్కటే నాలుగు గంటల్లో చేసే పనికి నలుగురూ కలిసి పన్నెండు గంటలన్నమాట!

తిరగెయ్యడంలో కిటుకంతా ఉంది. ‘ఎంతసేపట్లో’ అన్న మాట ‘రోజుకు ఎన్ని’ అని మారగానే కూడిక దానంతటదే కుదురుతుంది. అంతకుముందే, తొమ్మిదో శతాబ్దంలో, మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో బావిని నింపే నాలుగు కాలవల లెక్క ఇచ్చాడు. ఆ గ్రంథాన్నే తర్వాత పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. మహావీరుడు ఎంత సమయమని మాత్రమే అడిగి ఊరుకోలేదు, ఏ కాలవ ఎంత భాగం నింపిందని కూడా అడిగాడు. లీలావతి లెక్కకు ఆ రెండో ప్రశ్న వేస్తే, పన్నెండు భాగాల్లో ఒక భాగం మొదటి సెలయేటిది, రెండు రెండోదానివి, మూడు మూడోదానివి, ఆరు నాలుగోదానివి. సగం తటాకం నాలుగో సెలయేరే నింపింది. మన సంపులో అయితే నలభై నిమిషాల్లో బోరు పోసినవి 2,000 లీటర్లు, కొళాయి పోసినవి 1,000.

ఇంతవరకూ కూడిక చక్కగా నడిచింది. కారణం, బోరుకూ కొళాయికీ సంబంధం లేదు. ఒకటి భూమిలోంచి, ఒకటి మున్సిపాలిటీ ట్యాంకు నుంచి, ఎవరి దారి వాళ్లది. ఇంకొకటి నడుస్తోందని తన వేగం తగ్గించుకోవలసిన అవసరం దేనికీ లేదు.

అదే ఇంట్లో ఒకే పైపు మీద రెండు కుళాయిలుంటే సంగతి వేరు. మేడ మీద ఒకరు స్నానం చేస్తుండగా కింద అంట్లు తోమడానికి కుళాయి తిప్పితే పైన ధార సన్నబడుతుంది. పై నుంచి కేకలు వినపడతాయి. రెండింటికీ నీళ్లు తెచ్చే పైపు ఒకటే. దాంట్లో నీళ్లు ఎంత ఎక్కువగా పారితే రాపిడి వల్ల అంత ఎక్కువ ఒత్తిడి పోతుంది, అదీ లెక్కకు మించి. ప్రవాహం రెట్టింపైతే పోయే ఒత్తిడి దాదాపు నాలుగు రెట్లవుతుంది. అందుకే విడివిడిగా నిమిషానికి పదేసి లీటర్లిచ్చే కుళాయిలు రెండూ తిప్పితే ఇరవై రావు. తప్పు కూడికది కాదు. విడిగా కొలిచిన వేగాలు కలిసి పారేటప్పటివి కావు, అంతే. రెండూ తిప్పి ఉంచి ఒక్కోదాని కింద బకెట్ పెట్టి మళ్లీ కొలిచి, ఆ అంకెల్ని కూడితే మొత్తం సరిగ్గా వస్తుంది.

పరీక్షల్లో ఇంకో పాత్ర కూడా వస్తుంది, తొట్టి అడుగున చిల్లు. నింపే పంపు వేగంలోంచి కారే వేగం తీసేయమంటారు. తీసివేత సరైనదే, కానీ చిల్లు ఎప్పుడూ ఒకే వేగంతో కారుతుందన్నది పరీక్ష పేపరు కల్పన. ఇటలీ శాస్త్రజ్ఞుడు టారిచెల్లి 1644లో ప్రచురించిన సూత్రం ప్రకారం, చిల్లులోంచి నీళ్లు దూకే వేగం పైనున్న నీటి ఎత్తుకు వర్గమూలంగా మారుతుంది. నీళ్లు నాలుగో వంతు ఎత్తుకు దిగితే ధార వేగం సగానికి పడిపోతుంది. అందుకే నిటారు గోడల తొట్టి మొదటి వేగంతోనే కారుతుందని లెక్కేస్తే వచ్చే సమయానికి సరిగ్గా రెట్టింపు సేపు తీసుకుంటుంది ఖాళీ కావడానికి.

ఇప్పుడు మన సంపు అడుగున, నిండుగా ఉన్నప్పుడు నిమిషానికి 50 లీటర్లు కార్చే చిల్లు పడిందనుకుందాం. సంపు ఖాళీగా ఉంది, మోటారు చెడిపోయింది, కొళాయి ఒక్కటే 25 లీటర్లు పోస్తోంది. పరీక్ష లెక్కలో 25 లోంచి 50 పోతే మిగిలేదేమీ లేదు, సంపులో చుక్క కూడా నిలవకూడదు. నిజం సంపులో మొదట నీళ్లు నిలుస్తాయి, ఎందుకంటే అడుగున ఎత్తు లేదు కనుక చిల్లు బలంగా కారదు. మట్టం లేచేకొద్దీ కారడం పెరుగుతుంది. నాలుగో వంతు ఎత్తుకు వచ్చేసరికి చిల్లు సరిగ్గా 25 లీటర్లు కారుస్తుంది, వచ్చేవీ పోయేవీ సమానమవుతాయి. కొళాయి రోజంతా వదిలి ఉంచినా మట్టం ఆ గీత దాటదు, 750 లీటర్ల దగ్గరే నిలబడిపోతుంది.