ఉంటే ఎలా ఉంటుంది? లేకపోతే?

రాత్రి బస్సుల టికెట్లు అమ్మే యాప్‌లో బస్సు ఇప్పుడెక్కడుందో మ్యాపులో చూపించాలా? ప్రయాణికులను అడిగితే దాదాపు అందరూ కావాలనే అంటారు. ఏ సౌకర్యం గురించి అడిగినా అంతే. అందుకే ఆ ఒక్క జవాబుతో ఏదీ తేలదు.

జపాన్‌కు చెందిన నాణ్యతా నిపుణుడు నోరియాకి కానో, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన పద్ధతిలో ప్రశ్నలు జంటగా వస్తాయి. "బస్సు ఎక్కడుందో ఫోన్‌లో కనిపిస్తే మీకెలా ఉంటుంది?" అన్నది మొదటిది. "కనిపించకపోతే ఎలా ఉంటుంది?" అన్నది రెండోది. రెండింటికీ అవే అయిదు జవాబులు: చాలా బాగుంటుంది, అలా ఉండి తీరాలి, ఎలా ఉన్నా ఒకటే, సర్దుకుపోతాను, నచ్చదు.

ఉంటే బాగుంటుంది, లేకపోయినా సర్దుకుపోతాను అన్నవారికి అది ఊహించని సంతోషం. ఉంటే బాగుంటుంది, లేకపోతే నచ్చదు అంటే ఎంత మెరుగ్గా ఇస్తే అంత తృప్తి. ఉండి తీరాలి, లేకపోతే నచ్చదు అంటే తప్పనిసరి. ఇచ్చినా ఎవరూ మెచ్చుకోరు, ఇవ్వకపోతే మాత్రం ఊరుకోరు. ఉన్నా లేకపోయినా ఒకటే అన్నవారికి దాని అవసరమే లేదు. రెండింటికీ 'చాలా బాగుంటుంది' అని రాస్తే ప్రశ్న అర్థం కాలేదన్నమాట. అలాంటి కాగితాలు ఎక్కువగా వస్తే తప్పు సాధారణంగా మన ప్రశ్నదే. రెండో ప్రశ్నలో "కనిపించకుండా, కాల్ సెంటర్‌కు ఫోన్ చేయాల్సి వస్తే" అని కొత్త సంగతి కలిపినా కొలత చెడిపోతుంది.

వందమందిని అడిగామనుకుందాం. 38 మందికి అది సంతోషం, 34 మందికి తప్పనిసరి, 12 మందికి ఎంత మెరుగైతే అంత తృప్తి, 16 మందికి పట్టింపు లేదు. పెద్ద అంకెనే చూస్తే, ఇది సంతోషపెట్టే అదనపు హంగే కదా, తర్వాత చూడొచ్చు అనిపిస్తుంది. చాలా సర్వేలు ఇక్కడే దారి తప్పుతాయని నా అభిప్రాయం. 38కీ 34కీ తేడా చాలా తక్కువ. అంకెలు ఇంత దగ్గరగా ఉన్నప్పుడు, జవాబిచ్చినవారు రెండు రకాల మనుషులేమో విడదీసి చూడాలి. మన ఉదాహరణలో బస్టాండులో ఎక్కేవారు 'సంతోషం' వైపు, రాత్రి పదకొండింటికి హైవే పక్కన పిల్లలతో నిలబడి ఎదురుచూసేవారు 'తప్పనిసరి' వైపు ఉండొచ్చు.

ఈ వర్గాలు కాలంతో మారతాయి కూడా. జపాన్‌లో టీవీ రిమోట్ గురించి కానో మళ్లీ మళ్లీ అడిగించారు. 1983లో అది సంతోషపెట్టే వస్తువు. 1989కి ఎంత బాగుంటే అంత తృప్తినిచ్చేది. 1998కి తప్పనిసరి.

కాబట్టి బస్సు కంపెనీ మొదట చేయాల్సిన పని, దారిలో ఎక్కేవారి టికెట్ మెసేజ్‌లోనే బస్సు జాడ చూపే లింకు పెట్టడం. బస్టాండులో ఎక్కేవారికి దాన్ని తర్వాత ఇచ్చినా నష్టం లేదు. ఏడాది తర్వాత వారిని అవే రెండు ప్రశ్నలు మళ్లీ అడగాలి.