విద్వాంసుని మాట – వ్యాసకర్త వ్రాత : తాళపత్ర పరిష్కర్తతో సంభాషణను వ్యాసంగా మలచు విధానం

తాళపత్ర గ్రంథాన్ని పరిష్కరించిన పండితుడు తన పీఠికలో నిర్ణయాలను మాత్రమే చెప్పుతాడు. ఆ నిర్ణయాలకు ఏ మార్గాన వచ్చాడో, ఎక్కడ సందేహించి ఆగిపోయాడో సాధారణంగా చెప్పడు. అది సంభాషణలోనే బయటపడుతుంది. అయితే నోటిమాట వ్రాతలోకి దిగే సమయంలో అర్థం మారిపోయే అవకాశం హెచ్చు. అట్లు మారకుండా కాపాడుకొనే పద్ధతిని ఒక కల్పిత ఉదాహరణతో ఇక్కడ వివరిస్తున్నాను.

సంభాషణకు పూర్వం చదువవలసినవి రెండు. ఒకటి, ఆ పండితుడు పరిష్కరించిన గ్రంథపు పీఠిక. రెండవది, ఆ ప్రతిని గురించి గ్రంథాలయపు వర్ణనాత్మక సూచిలో ఉన్న వివరణ. పత్రాల సంఖ్య, పుటకు పంక్తులు, లిపి, శైథిల్యం, ఆద్యంతాలు అందులో ఉంటాయి. ఇవి తెలిసినవాడు "తాళపత్రాల ప్రాముఖ్యం ఏమి?" అని అడుగడు. "పన్నెండవ పత్రంలో ఒక పాదం లోపించింది గదా, అది లేఖకుడు విడిచినదని ఎట్లు గుర్తించారు?" అని అడుగుతాడు. మొదటి ప్రశ్నకు సమాధానం పుస్తకాలలోనే ఉన్నది. రెండవదానికి ఆ పండితుడే సమాధానం చెప్పాలి. ఇటువంటి ప్రశ్నలు ఎనిమిదో పదో చాలును. వివాదం లేనివి ముందు, వివాదాస్పదమైనవి తరువాత ఉండాలి.

మాటలను యంత్రంలో ముద్రించుకొన్నా కలం, కాగితం దగ్గర ఉండక తప్పదు. పండితుడు పత్రాన్ని చూపుతూ "ఇదిగో, ఇక్కడ చూడండి, ఈ అక్షరం" అంటాడు. శబ్దముద్రణలో ఆ 'ఇక్కడ' ఎక్కడో తెలియదు. అందుచేత వెంటనే "పన్నెండవ పత్రం, రెండవ వైపు, మూడవ పంక్తి" అని పైకి అనాలి. వ్యక్తుల పేర్లను, సంవత్సరాలను మరొకమారు పలికించుకోవాలి.

తరువాత విన్నది విన్నట్లు వ్రాసిన ప్రతిని మూలంగా భద్రపరచి, వేరొక ప్రతిపైననే సంస్కరణ చేయాలి. పునరుక్తులను, ఊతపదాలను తీసివేయవచ్చును. ఒకే విషయం రెండు చోట్ల వస్తే కలుపవచ్చును. కాని సందేహసూచకమైన పదాలను ముట్టరాదు. పండితుడు "ఒకే పదం రెండు పాదాలలో ఉండడంవల్ల లేఖకుని చూపు దాటిపోయి ఉండవచ్చు, మరొక ప్రతి దొరికితేగాని చెప్పలేను" అన్నాడనుకొందాం. దీనిని "ఇది లేఖకదోషమని వారు నిర్ణయించారు" అని కుదిస్తే వాక్యం చక్కగానే ఉంటుంది. కాని ఆయన చేయని నిర్ణయాన్ని ఆయనకు అంటగట్టినట్లవుతుంది. ఉద్ధరణచిహ్నాల నడుమ ఆయన పలికిన మాటలే ఉండాలి; సంగ్రహించిన భాగం వ్యాసకర్త వాక్యంగానే ఉండాలి.

సంఖ్యల పరీక్ష అన్నిటికంటె ముఖ్యం. గ్రంథాంత గద్యను వివరిస్తూ పండితుడు "శకం 1724, విక్రమ సంవత్సరం" అన్నట్లు వ్రాతప్రతిలో ఉన్నదనుకొందాం. శకవర్షానికి 78 కలిపితే 1802 వస్తుంది. ఆ క్రీస్తుశక వర్షంలో ఉగాదితో మొదలైనది దుందుభి గాని విక్రమ కాదు. విక్రమ 1760, 1820, 1880లలో వచ్చింది. 1820 నుండి 78 తీసివేస్తే 1742. కనుక 24, 42 అంకెలు తారుమారైనవని ఊహ కలుగుతుంది. అంతమాత్రాన దిద్దరాదు. ముందు ముద్రణను మరల వినాలి. అందులో 1742 అని ఉంటే దోషం వ్రాసుకొన్నవానిది. 1724 అనే వినిపిస్తే పండితుని అడగాలి. పత్రంలోనే అట్లున్నదేమో చూడుమని కోరాలి. పత్రంలోనే ఉంటే ఆ వైరుధ్యమే వ్యాసంలో చెప్పదగిన విషయం. సంవత్సరం పేరు మాత్రమే ఉండి శకాంకం లేకపోతే అరువదేండ్లకొకమారు అదే పేరు వస్తుంది గనుక కాలం ఒక్కటిగా తేలదు.

చివరకు వ్యాసాన్ని పండితునికి చూపేటపుడు "ఎట్లున్నది?" అని అడిగితే ఆయన శైలిని దిద్దుతాడు. పేర్లు, అంకెలు, ఆయన మాటలుగా ఇచ్చిన వాక్యాలు గుర్తుపెట్టి, అవి సరియా కాదా అని మాత్రమే అడగాలి. ఆయన తన అభిప్రాయాన్ని మార్చుకొంటే ఆ మార్పును మార్పుగానే తెలుపాలి.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉన్నది. దీనివల్ల పండితుడు చెప్పినది యథాతథంగా నిలుస్తుంది. చెప్పినది నిజమని మాత్రం రుజువు కాదు. లేఖకుడు మాతృకలోని గ్రంథాంత గద్యను తేదీతో సహా ఎత్తివ్రాయడం కద్దు. అప్పుడు 1820 అన్నది మన చేతిలోని ప్రతికి గాక దాని మాతృకకు చెందిన కాలం కావచ్చును. కనుక "ఈ ప్రతి 1820 నాటిది" అనుటకంటె "గ్రంథాంత గద్యలో 1820కి సరిపోవు సంవత్సరం ఉన్నది" అని వ్రాయడమే ఉచితం.