నెల నెలా రుసుము దేనికి?

2020 సెప్టెంబరు 1న వర్డ్‌ప్రెస్‌ ‘ఫైల్ మేనేజర్’ ప్లగిన్‌లో పెద్ద లోపం బయటపడింది. పాస్‌వర్డ్ లేకుండానే ఎవరైనా సైట్‌లోకి తమ ఫైళ్లు ఎక్కించేయవచ్చు. 7 లక్షలకు పైగా సైట్లు వాడుతున్న ప్లగిన్ అది! సరిచేసిన 6.9 వెర్షన్ అదే రోజు వచ్చినా, దాడులు అప్పటికే మొదలయ్యాయి.

అప్‌డేట్ చేస్తే తలుపు మూసుకుంటుంది. ప్లగిన్ ఫోల్డర్ బయట చేరిన దొంగ ఫైళ్లు మాత్రం పోవు. సైట్ ఫోల్డర్లలో తెలియని `.php` ఫైళ్లున్నాయా, కొత్త అడ్మిన్ ఖాతాలు పుట్టాయా అని వెతకాలి. దొరికితే దాడికి ముందటి బ్యాకప్ కావాలి. అదీ అదే సర్వర్‌లో ఉంటే నమ్మలేం.

‘ఏమీ చెడలేదుగా, డబ్బెందుకు?’ అంటాడు దుకాణం యజమాని. న్యాయమైన ప్రశ్నే. ఉదాహరణకు రెండు గంటల పని, గంటకు 750 చొప్పున 1500 రూపాయలని లెక్క చూపాలి. చేసిన అప్‌డేట్లు, బ్యాకప్‌ను తెరిచి పరీక్షించిన తేదీ ఒక పేజీలో రాసి పంపితే బేరాలు తగ్గుతాయి. హ్యాకైన సైటును శుభ్రం చేయడం ఇందులోకి వస్తుందో రాదో ఒప్పందంలో ముందే రాసుకోండి.